విప్పాలా, మార్చాలా, అలాగే ఉంచాలా?

జీపీఏ అంటే ఏమిటని రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవారిని అడిగితే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. ఇంజినీరింగ్ చదివే కుర్రాణ్ని అడిగితే మార్కుల సగటు గురించి చెబుతాడు. ఇల్లు కొనేవాళ్లకు ఈసీ అంటే ఆ ఆస్తి మీద తాకట్టులేమైనా ఉన్నాయా అని చూపించే ధ్రువపత్రం. ఎన్నికల రోజుల్లో అదే ఈసీ ఎన్నికల సంఘం అవుతుంది. ఐటీ దాడులు చేసేది ఆదాయపు పన్ను శాఖ, ఐటీ కొలువులు ఇచ్చేది సాఫ్ట్‌వేర్ రంగం. డీఏ పెరిగిందంటే ఉద్యోగికి కరవు భత్యం పెరిగినట్టు. డీఏ కేసు పెట్టారంటే ఆదాయానికి మించి ఆస్తులు కూడబెట్టాడని ఆరోపణ.

రోజూ పత్రిక చదివేవారికి ఇవేవీ అడ్డు కావు. చుట్టూ ఉన్న మాటలే ఏది ఏమిటో చెప్పేస్తాయి. ఆ చుట్టూ ఉన్న మాటలు కూడా కొత్తవైనప్పుడే చిక్కు వస్తుంది. బ్యాంకు పంపిన నోటీసు, పోలీసు స్టేషన్లో ఇచ్చిన కాగితం, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టే డిశ్చార్జి సమ్మరీ అలాంటివి. ఇంగ్లిషులో ఉన్న ఇటువంటి కాగితాన్ని తెలుగు చేసేవారికి పొడి అక్షరాలు కనిపించిన ప్రతిచోటా మూడు దారులుంటాయి. వాటిని విప్పి రాయవచ్చు. తెలుగులో వాటికి సాటి వచ్చే పేరు పెట్టవచ్చు. ఉన్నవి ఉన్నట్టు ఉంచేయవచ్చు. ఏ దారి పట్టాలో తేల్చుకోవడానికి నాకు తెలిసిన నమ్మకమైన ప్రశ్న ఒకటే: ఈ కాగితం అందుకున్న మనిషి దీన్ని చదివాక ఏం చేయాలి?

తెలుగు తనంతట తాను కుదించుకున్నప్పుడు

ఇంగ్లిషులో పొడి అక్షరాలు కంటికే తెలిసిపోతాయి. అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ పొట్టి పేరునూ, ‘ఎవరు’ అనే ప్రశ్ననూ ఎవరూ ఒకటనుకోరు. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు. ఒకప్పుడు ఐ.ఏ.ఎస్. అని మధ్యలో చుక్కలు పెట్టేవారు. ఇప్పుడు పత్రికలు ఆ చుక్కలూ తీసేశాయి. అందువల్ల తెలుగులో రాసిన పొడి అక్షరాలు మామూలు మాటల్లో మామూలు మాటల్లా కలిసిపోతాయి.

ఇందులో ఒక సౌకర్యమూ ఉంది. కలిసిపోయినవాటిని తెలుగు తన సంధితో, తన విభక్తితో సొంతం చేసుకుంది. ఎం, ఎల్, ఏ అనే మూడు అక్షరాలు ఎమ్మెల్యే అయ్యాయి. ఎన్నారై, ఎమ్మార్వో కూడా అలా పుట్టినవే. ఎమ్మెల్యేలు, ఎమ్మెల్యేకి, ఎమ్మెల్యేగిరీ అనే దాకా వచ్చాక దాన్ని ఇంగ్లిషు మాట అనలేం. మండల రెవెన్యూ అధికారి పదవికి తహసీల్దారు అనే పేరు వచ్చి చాలాకాలమైనా ఊళ్లో ఎమ్మార్వో ఆఫీసే. ఇలాంటివాటిని విప్పి రాస్తే చదివేవాడికి కొత్తగా తెలిసేది లేదు, వాక్యం మాత్రం బరువెక్కుతుంది.

తెలుగుకు తన సొంత కుదింపు పద్ధతి కూడా ఉంది. ఇంగ్లిషు ఒక్కో మాటలోంచి ఒక్కో హల్లునో అచ్చునో తీసుకుంటుంది కాబట్టి చాలాసార్లు విడివిడిగా పలకాల్సి వస్తుంది. తెలుగు గుణింతంతో సహా మొత్తం అక్షరాన్ని తీసుకుంటుంది, కాబట్టి కుదించినది కూడా నోటికి మాటలాగే పలుకుతుంది. 1943లో ఏర్పడిన అభ్యుదయ రచయితల సంఘం అరసం అయింది. 1970లో వచ్చిన విప్లవ రచయితల సంఘం విరసం అయింది. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ, కాళీపట్నం రామారావు కారా అయ్యారు. ఈ వరసలోనే పత్రికల్లో ఐక్యరాజ్య సమితి ఐరాస అయింది, ఐక్య కార్యాచరణ సమితి ఐకాస అయింది, తిరుమల తిరుపతి దేవస్థానం తితిదే అయింది.

పార్టీల పేర్ల దగ్గర తెలుగు పత్రికలు రెండుగా చీలతాయి. కొన్ని భాజపా, తెదేపా అని రాస్తాయి, కొన్ని బీజేపీ, టీడీపీ అని రాస్తాయి. మొదటిది అనువాదమనీ రెండోది అసలు పేరనీ చాలామంది అనుకుంటారు. నిజానికి భారతీయ జనతా పార్టీ అనే పేరే అసలు. దాన్ని రోమన్ లిపిలో రాసి, ఆ లిపి నుంచి మూడక్షరాలు ఏరితే బీజేపీ వచ్చింది. భాజపా అన్నప్పుడు మనం ఆ పేరులోని అక్షరాలనే నేరుగా తీసుకుంటున్నాం. 2022లో తెలంగాణ రాష్ట్ర సమితి భారత్ రాష్ట్ర సమితిగా మారినప్పుడు తెరాస అని రాసే పత్రికలకు భారాస అని మార్చుకోవడం సులువైంది. పాఠకులూ తడబడలేదు, ఎందుకంటే అక్షరాలు మారినా కూర్పు పద్ధతి పాతదే.

అయితే ఈ పద్ధతికి హద్దులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థను ఇలాగే కుదించబోతే ప్ర, ఆ, స కలిసి ‘ప్రాస’ అవుతుంది. పద్యం చదివిన ప్రతి తెలుగువాడికీ ఆ మాటకు అర్థం ముందే ఉంది. అంతర్జాతీయ ద్రవ్య నిధిని కుదిస్తే ‘అంద్రని’ లాంటిదేదో వస్తుంది, అది నోరు తిరగదు, మనసుకు ఏమీ అందించదు. అందుకే ఐరాస నిలబడింది, ఇవి పుట్టనేలేదు. తెలుగు పొట్టి పేరు పెట్టాలంటే ముందు పూర్తి తెలుగు పేరు జనంలో నానుతూ ఉండాలి, కుదించాక అది పలకడానికి వీలుగా ఉండాలి, అప్పటికే ఉన్న మరో మాటతో ఢీకొనకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా పూర్తి పేరు రాయడమే మేలు. అందుకే పత్రికలు ప్రపంచ ఆరోగ్య సంస్థ అని పూర్తిగా రాస్తాయి, లేదా డబ్ల్యూహెచ్‌వో అని ఉంచేస్తాయి. మధ్యస్థంగా ఒకటి సృష్టించవు.

ఆ అక్షరాలు మళ్లీ ఎక్కడ ఎదురవుతాయి?

ఇప్పుడు ఉంచేయాల్సినవాటి సంగతి చూద్దాం. ఓటీపీని తెలుగు చేయమంటే ‘ఒక్కసారికే పనిచేసే రహస్య సంఖ్య’ అని చక్కగా రాయవచ్చు. అర్థం పూర్తిగా వచ్చింది, తెలుగు కూడా శుభ్రంగా ఉంది. కానీ మోసగాళ్ల గురించి హెచ్చరించే కరపత్రంలో ‘మీ రహస్య సంఖ్యను ఎవరికీ చెప్పకండి’ అని మాత్రమే ఉందనుకోండి. అది చదివిన పెద్దాయనకు రేపు ఫోన్ చేసేవాడు రహస్య సంఖ్య అడగడు, ఓటీపీ అడుగుతాడు. ఫోన్ తెర మీద కనిపించేదీ OTP అనే అక్షరాలే. కరపత్రంలోని మాటకూ తెర మీది అక్షరాలకూ ఆయన మనసులో ముడి పడకపోతే ఆ హెచ్చరిక ఉన్నా లేనట్టే.

అందువల్ల తెర మీద, ఫారం మీద, కౌంటరు దగ్గర పాఠకుడికి మళ్లీ ఎదురయ్యే అక్షరాలను తీసేయకూడదు. వాటిని ఉంచి, మొదటిసారి వచ్చిన చోట అర్థం చెప్పాలి. ‘మీ ఫోనుకు వచ్చే ఓటీపీ, అంటే ఆ ఒక్క లావాదేవీకే పనికొచ్చే రహస్య సంఖ్య, ఎవరికీ చెప్పకండి’ అని రాస్తే రెండు పనులూ జరుగుతాయి.

అర్థం చెప్పడానికీ, అక్షరాలు విప్పడానికీ తేడా ఉంది. అనువాదంలో ఎక్కువ తప్పులు ఈ తేడా మరిచిపోవడం వల్లే జరుగుతాయి. ఏటీఎంను ఆటోమేటెడ్ టెల్లర్ మెషిన్ అని విప్పితే మూడు అక్షరాల స్థానంలో మూడు ఇంగ్లిషు మాటలు వచ్చాయి, అంతే. జీఎస్టీని వస్తు సేవల పన్ను అంటే మాత్రం అది దేని మీద వేసే పన్నో తెలిసింది. విప్పితే వెలుగు వచ్చేవి కొన్ని, విప్పినా చీకటిగానే ఉండేవి కొన్ని. రెండో రకాన్ని విప్పడం కన్నా, ఆ వస్తువు ఏం చేస్తుందో నాలుగు మాటల్లో చెప్పడం పాఠకుడికి ఉపకారం.

ఒకే అక్షరాలకు రెండు అర్థాలున్నప్పుడు ఉంచేయడం కూడా చాలదు. చిరునామా దగ్గర అడిగే పిన్ 1972 ఆగస్టు 15న తపాలా శాఖ తెచ్చిన 6 అంకెల కోడ్. యూపీఐలో అడిగే పిన్ మన ఖాతాకు తాళం. రెండూ పిన్లే, ఇంగ్లిషులో విప్పితే రెండూ వేరు. ఒకటి పదిమందికీ చెప్పాల్సింది, రెండోది ఎవరికీ చెప్పకూడనిది. ఇంగ్లిషులో పిన్ నంబర్ అంటే నంబరు రెండుసార్లు వచ్చిందని వంక పెడతారు. తెలుగు కాగితంలో మాత్రం తపాలా పిన్ కోడ్, యూపీఐ పిన్ నంబర్ అని తోక తగిలించి రాయడమే క్షేమం.

సాటి అనిపించినా సాటి కానివి

మూడు దారుల్లో చూడ్డానికి అందమైనదీ, జాగ్రత్త ఎక్కువ కావలసిందీ సాటి పేరు పెట్టడం. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో పంపిన కాగితాల్లో ఎస్ఎస్ఎన్ అని ఉంటుంది. ఇక్కడి తల్లిదండ్రులకు అర్థం కావాలని దాన్ని ‘అక్కడి ఆధార్’ అనడం మామూలైంది. మాటల్లో పర్వాలేదు, కాగితంలో పనికిరాదు. సోషల్ సెక్యూరిటీ నంబర్ 1936 నుంచి అక్కడి జీతాలు, పింఛను లెక్కల కోసం ఇస్తున్న 9 అంకెల సంఖ్య. ఆధార్ 12 అంకెలది, వేలిముద్రలతో, కంటిపాపతో ముడిపడింది, పసిపిల్లలకూ ఇస్తారు. అమెరికాలో ఉద్యోగం చేసే అనుమతి లేని భార్యకో భర్తకో సాధారణంగా ఆ నంబర్ ఇవ్వరు. ‘మా కోడలికి ఇంకా ఆధార్ కూడా రాలేదట’ అని ఇక్కడ అత్తగారు అనవసరంగా దిగులు పడటానికి ఆ ఒక్క సాటి పేరు చాలు. ఇలాంటి చోట ‘అక్కడ జీతం, పన్ను, పింఛను లెక్కలకు వాడే 9 అంకెల సంఖ్య’ అని చెప్పి, ఎస్ఎస్ఎన్ అనే అక్షరాలను అలాగే ఉంచాలి.

చట్టాల దగ్గర సాటి పేరు ఇంకా ప్రమాదం. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పత్రికలు దాన్ని బీఎన్ఎస్ అంటున్నాయి. పాత చట్టం పోయింది కదా అని పాత కేసు కాగితాన్ని తెలుగు చేసేటప్పుడు ఐపీసీ ఉన్నచోటల్లా బీఎన్ఎస్ అని మార్చేస్తే ఏమవుతుందో చూడండి. ఐపీసీ 302వ సెక్షన్ హత్యకు శిక్ష చెబుతుంది. బీఎన్ఎస్‌లో హత్యకు శిక్ష 103వ సెక్షన్లో ఉంది. బీఎన్ఎస్ 302వ సెక్షన్ మత విశ్వాసాలను గాయపరిచే మాటలకు సంబంధించింది. అంకె మారకుండా అక్షరాలు మారితే నేరమే మారిపోయింది. పైగా కొత్త చట్టం రాకముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది. అందువల్ల చట్టం పేరు కాగితంలో ఎలా ఉంటే అలా ఉంచి, ఆ సెక్షన్ దేనికి సంబంధించిందో పక్కన తెలుగులో చెప్పాలి.

ఒక డిశ్చార్జి కాగితం తెలుగు చేద్దాం

ఈ మూడు దారులూ ఒకే పేజీలో అవసరమయ్యే చోటు ఆసుపత్రి కాగితం. ఉదాహరణకు ఒకటి కూర్చుకుందాం. గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికి వెళుతున్న 60 ఏళ్ల మనిషి కాగితం అనుకోండి. అందులో పాత జబ్బులు టీ2డీఎం, హెచ్‌టీఎన్ అని ఉంటాయి. చేసిన చికిత్స ఎల్ఏడీకి పీటీసీఏ అని, గుండె స్థితి ఎల్‌వీఈఎఫ్ 40 శాతం అని ఉంటాయి. మందుల పట్టికలోంచి నాలుగు వరుసలు తీసుకుందాం: ఆస్పిరిన్ 75 ఓడీ పీసీ, మెట్‌ఫార్మిన్ 500 బీడీ పీసీ, అటోర్వాస్టాటిన్ 40 హెచ్ఎస్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్ 5 ఎస్ఎల్ ఎస్ఓఎస్.

మొదట జబ్బుల పేర్లు. టీ2డీఎంను విప్పితే టైప్ 2 డయాబెటిస్ మెల్లిటస్. ఇంటివాళ్లకు కావలసిన మాట షుగర్ వ్యాధి. రేపు మరో డాక్టరు అడిగితే చెప్పడానికి ‘టైప్ 2’ అనేది కూడా ఉంచాలి. కాబట్టి ‘షుగర్ వ్యాధి, టైప్ 2’ అని రాస్తే సరిపోతుంది.

హెచ్‌టీఎన్ అంటే హైపర్‌టెన్షన్, అధిక రక్తపోటు. తెలుగువాళ్లు దాన్ని బీపీ అంటారు. అంటే ఒక పొడి అక్షరాల గుంపు స్థానంలో జనానికి తెలిసిన మరో పొడి అక్షరాల గుంపు పెడితే చాలనిపిస్తుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. డాక్టర్ల భాషలో బీపీ అంటే కొలత, అది అందరికీ ఉంటుంది. మన వాడుకలో బీపీ ఉందంటే జబ్బు ఉందని. కాగితం చివర ‘బీపీ నార్మల్’ అని ఉన్నదాన్ని తెలుగు చేసి ‘బీపీ లేదు’ అని రాస్తే, ఇక మాత్రలు అక్కర్లేదని ఇంట్లో అనుకునే ప్రమాదం ఉంది. నిజానికి ఆ మాత్రలు వేసుకోవడం వల్లే కొలత సరిగ్గా ఉంది. అందుకే జబ్బు దగ్గర ‘బీపీ జబ్బు ఉంది’ అనీ, కొలత దగ్గర ‘రక్తపోటు ప్రస్తుతం అదుపులో ఉంది, మాత్రలు మానకూడదు’ అనీ రెండు వేర్వేరు మాటలు వాడాలి. మాత్రలు మానకూడదన్న మాట మాత్రం డాక్టరుతో నిర్ధారించుకున్నాకే చేర్చాలి, అనువాదకుడు సొంతంగా వైద్యం చెప్పకూడదు.

పీటీసీఏ అంటే పెర్క్యుటేనియస్ ట్రాన్స్‌ల్యుమినల్ కొరొనరీ యాంజియోప్లాస్టీ. దీన్ని విప్పినా, మాటకు మాట తెలుగు చేసినా ఇంటివాళ్లకు దారి దొరకదు. ‘గుండె రక్తనాళంలో అడ్డు తొలగించి స్టెంట్ వేశారు’ అంటే వెంటనే అందుతుంది. ఎల్ఏడీ అనేది గుండె ముందు భాగానికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని పేరు. తర్వాత ఏ ఆసుపత్రికి వెళ్లినా ఏ నాళంలో స్టెంట్ ఉందని అడుగుతారు, కాబట్టి అర్థం చెప్పి ఎల్ఏడీ అన్న పేరును ఉంచాలి.

ఎల్‌వీఈఎఫ్ 40 శాతం దగ్గర ఇంకో రకం అపార్థం పొంచి ఉంటుంది. గుండె నూటికి నలభై పాళ్లే పనిచేస్తోందని ఇంటిల్లిపాదీ బెంగ పడతారు. ఈ కొలత చెప్పేది, గుండె ఎడమ కింది గది నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఎంత భాగాన్ని ఒక్కో కొట్టుకు బయటికి నెడుతోందన్నది. ఆరోగ్యంగా ఉన్నవారి గుండె కూడా నూరు శాతం నెట్టదు. సుమారు 55 నుంచి 70 మధ్య ఉంటే మామూలే. అక్షరాలు విప్పితే ఈ సంగతి రాదు. ‘గుండె రక్తాన్ని నెట్టే శక్తి 40 శాతం, సాధారణంగా 55 నుంచి 70 ఉంటుంది’ అని పోలిక ఇచ్చి చెప్పినప్పుడే ఆ అంకెకు అర్థం వస్తుంది. తర్వాతి ఎకో పరీక్షలో ఈఎఫ్ అనే అక్షరాలతోనే వస్తుంది కనుక వాటిని పక్కన ఉంచాలి.

ఇక మందుల వరుసలు. ఇక్కడ నియమం పూర్తిగా వేరు. జబ్బు పేరు, నాళం పేరు పొడి అక్షరాల్లో మిగిలినా పర్వాలేదు, వాటిని చదివేది తర్వాతి డాక్టరు. మోతాదు చదివేది రోగి, ఇంట్లో ఆయనకు మందు ఇచ్చేవాళ్లు. ఓడీ, బీడీ, టీడీఎస్, హెచ్ఎస్, ఎస్ఓఎస్, పీసీ ఇవన్నీ లాటిన్ మాటల కుదింపులు. వీటిని తెలుగు లిపిలోకి దించితే జరిగేది చూడండి. బీడీ అంటే రోజుకు రెండుసార్లు, కానీ తెలుగులో రాస్తే పొగతాగే బీడీకీ దానికీ తేడా లేదు. గుండెపోటు వచ్చిన మనిషి కాగితంలో ఆ మాట ఉండటం ఎంత అనర్థం. రోజుకు మూడుసార్లు అనే టీడీఎస్ తెలుగు పత్రిక పాఠకుడికి మూలం వద్దే కోసే పన్ను. ఓడీ అంటే మందుల చీటీలో రోజుకొకసారి, కంటి ఆసుపత్రి చీటీలో కుడి కన్ను.

ఎస్ఓఎస్ అన్నిటికన్నా మోసకారి. సముద్రంలో చిక్కుకున్న ఓడ పంపే ఆపద సంకేతంగా అందరికీ తెలుసు కాబట్టి ‘అత్యవసరంలో’ అని తెలుగు చేస్తారు. మందుల చీటీలో అది ‘అవసరమైతే’ అనే లాటిన్ మాట కుదింపు. జ్వరం మాత్ర పక్కన ఉంటే, జ్వరం వస్తే వేసుకోమని. మన ఉదాహరణలో, ఛాతీలో నొప్పి వస్తే వాడమని. దాని ముందున్న ఎస్ఎల్ అంటే నాలుక కింద. ఆ మాత్రను మింగేస్తే అది కడుపు దాటి కాలేయం చేరి చాలా భాగం విరిగిపోతుంది, నొప్పి తగ్గాల్సిన వేళకు తగ్గదు. రెండు అక్షరాలు వదిలేసినందుకు మందు వాడే తీరే తప్పిపోతుంది.

కాబట్టి ఆ నాలుగు వరుసలు తెలుగులో ఇలా ఉండాలి. ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు: రోజుకు ఒక మాత్ర, భోజనం తర్వాత. మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు: ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాత. అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు: రాత్రి పడుకునే ముందు ఒకటి. ఐసోసార్బైడ్ డైనైట్రేట్ 5 మిల్లీగ్రాములు: రోజూ వద్దు, ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు మాత్రమే నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు.

బీడీ అంటే రెండుసార్లు అని మాత్రమే ఉంది, ఏ వేళ అని లేదు. ‘ఉదయం, రాత్రి’ అని మనం రాశామంటే కొత్త సంగతి చేర్చినట్టు. దాన్ని కూడా డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి నిర్ధారించుకోవాలి. మన మందుల దుకాణాల్లో దీనికి చక్కని సాటి గుర్తు ఇప్పటికే ఉంది. అట్టపెట్టె మీద 1-0-1 అని రాస్తారు: ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. లాటిన్ కుదింపు కన్నా అది ఎక్కువ చెబుతుంది, చదువు అంతగా రానివారికీ అందుతుంది. తెలుగు వాక్యం పక్కన ఈ గుర్తు కూడా ఉంటే ఒకటి రెండోదానికి కాపలా కాస్తుంది.

కొలతల పొట్టి రూపాలను కూడా ఇక్కడ నమ్మకూడదు. తెలుగులో మి.గ్రా. అంటే మిల్లీగ్రాము, మై.గ్రా. అంటే మైక్రోగ్రాము. రెంటికీ తేడా ఒక గుణింతం గుర్తు, మోతాదులో తేడా 1000 రెట్లు. థైరాయిడ్ మాత్రలు మైక్రోగ్రాముల్లో వస్తాయి, కాబట్టి ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. ఇన్సులిన్ యూనిట్లను ఇంగ్లిషులో ఒక్క అక్షరంతో రాసినప్పుడు అది సున్నాలా కనిపించి 10 యూనిట్లు 100 అయిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో తెచ్చిన ‘వాడకూడని సంక్షిప్త రూపాల’ జాబితాలో ఆ అక్షరం ఉంది. డాక్టర్లూ నర్సులూ చదివే కాగితంలోనే అది వద్దన్నారంటే, ఇంటికి వెళ్లే తెలుగు కాగితంలో మిల్లీగ్రాము, మైక్రోగ్రాము, యూనిట్లు అని పూర్తి మాటలు ఎందుకు రాయాలో వేరే చెప్పనక్కర్లేదు.

తప్పును ముందే పట్టుకోవడం

పని మొదలుపెట్టే ముందే కాగితంలోని పొడి అక్షరాలన్నీ ఒక పట్టికలో రాసుకోవాలి. ఒక్కోదాని పక్కన పూర్తి రూపం, అది ఈ కాగితంలో ఏ అర్థంలో ఉందో, ఏ దారి పట్టామో రాయాలి. పూర్తి రూపం తెలిసినంత మాత్రాన సరిపోదు. ఎంఎస్ అంటే గుండె కవాటం ఇరుకు కావడం కావచ్చు, నరాలకు వచ్చే మల్టిపుల్ స్క్లెరోసిస్ కావచ్చు. కాగితం రాసిన విభాగం ఏదో చూసి, అప్పటికీ అనుమానం ఉంటే రాసినవారినే అడగాలి. నిఘంటువులో మొదట కనిపించిన అర్థం వేసేయడమే ఈ పనిలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఒకసారి తేల్చుకున్న రూపాన్ని కాగితం చివరిదాకా మార్చకూడదు. మొదటి పేజీలో ఈఎఫ్ అని, మూడో పేజీలో గుండె సామర్థ్యం అని రాస్తే చదివేవారు అవి రెండు వేర్వేరు పరీక్షలనుకుంటారు.

అనువాదం పూర్తయ్యాక దాన్ని ఇంగ్లిషు కాగితం చూడని మరొకరి చేతికిచ్చి తిరిగి ఇంగ్లిషులోకి చేయించి, అసలుతో పోల్చడం ఒక పద్ధతి. వైద్య పరిశోధనల్లో పాల్గొనేవారి అంగీకార పత్రాలకు దీన్ని వాడతారు. ఇది అర్థం జారిపోయిన చోట్లను పట్టిస్తుంది. కానీ ఓడీని ఓడీ అని వదిలేసిన చోట తిరిగి ఓడీయే వస్తుంది, తప్పు బయటపడదు. అందువల్ల రెండో పరీక్ష కూడా కావాలి. కాగితాన్ని ఇంట్లో మందు ఇవ్వబోయే మనిషికి చదివి వినిపించి, ‘ఈ మాత్ర ఎప్పుడు ఇస్తారమ్మా? దీన్ని ఏ పరిస్థితిలో ఇస్తారు?’ అని అడగాలి. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ అయిందనే అంటారు. ఎప్పుడు, ఎన్ని, ఎలా అని అడిగినప్పుడే అనువాదం నిలిచిందో లేదో తెలుస్తుంది.

పత్రికలో పార్టీ పేరు భాజపా అని ఉన్నా బీజేపీ అని ఉన్నా పాఠకుడు నష్టపోయేది లేదు. అక్కడ ఎంపిక పత్రిక అభిరుచికి వదిలేయవచ్చు. మోతాదు వరుసలో అలా వదలలేం. మన రెండు రాష్ట్రాల్లో రోగికి ఇచ్చే కాగితం తెలుగులో ఉండాలని అడగడం న్యాయమైన కోరిక. దానితోపాటు మరొకటి కూడా అడగాలి: మందు పేరు పక్కన ఎన్ని, ఏ వేళ, తినకముందా తిన్నాకా, ఎన్ని రోజులు అనే నాలుగు సంగతులూ ఒక్క పొడి అక్షరమైనా లేకుండా పూర్తి తెలుగు మాటల్లో ఉండాలి. ఇప్పటికి అలాంటి కాగితం చేతికి రాకపోతే, మందుల కౌంటరు దగ్గర ఫార్మసిస్టును అడిగి ఒక్కో అట్ట మీద తెలుగులో రాయించుకోండి. రెండు నిమిషాల పని అది. అడిగితే చెప్పాల్సిన బాధ్యత వారిదే, అడగడానికి మొహమాటపడాల్సిన అవసరం మనకు లేదు.